అరుంధతీ వసిష్ఠుల ఎడము

పెండ్లినాటి రాత్రి పురోహితుడు వధూవరులను ఆరుబయటికి తోడ్కొని వచ్చి, సప్తర్షి మండలపు తోకలో నడిమి చుక్కను చూపించి, దాని చెంతనున్న చిన్న చుక్కను చూడుడనును. పెద్దది వసిష్ఠుడు, చిన్నది అరుంధతి. పట్టపగటి ముహూర్తములలో సయితము ఈ తంతు మానని పురోహితులను మనమెఱుగుదుము. అప్పుడు 'కనబడినది' అను వధువు మాటను ఎవరును పరీక్షింపరు. కాని రాత్రి నిర్మలాకాశమున ఈ చుక్కలను చూచుట నిజముగా కంటికొక పరీక్షయే.

ఆ రెండు చుక్కల ఎడము సుమారు 12 కళలు. డిగ్రీలో 60వ వంతు కళ. కళలో 60వ వంతు వికళ. మన జ్యోతిష గ్రంథములు వాడుచు వచ్చిన కొలతలే ఇవి. రెండు నక్షత్రములను విడిగా గుర్తించుటకు సామాన్యమైన కంటికి మూడు కళల ఎడమైనను కావలెను. ఒక అంగుళము ఎడముగా నిలిపిన రెండు అగరువత్తుల నిప్పులు 95 అడుగుల దూరమునుండి చూచువారికి మూడు కళల ఎడమున నుండును. కావున అరుంధతి మన కంటికి సులభముగనే దొరకుచున్నది.

వసిష్ఠుడు మాత్రము ఒక్కడు కాడు. 1617లో కాస్టెల్లి అను శిష్యుని మాటపై గెలీలియో తన దుర్భిణిని ఆ చుక్కవైపు త్రిప్పి చూడగా, అది రెండు చుక్కలుగా విడివడెను. వాటి ఎడమును ఆయన 15 వికళలుగా కొలిచెను. నేటి కొలత 14 వికళలకు కొంచెము ఎక్కువ. ఇరువది రెట్లు పెద్దదిగా చూపు దుర్భిణిలో ఆ ఎడము కంటికి అయిదు కళలుగా తోచును. మూడు కళలు చాలిన కంటికి ఇంకేమి కావలెను?

అట్లయిన వేయిరెట్లు పెంచినచో ఎంత దగ్గఱి చుక్కలైనను విడివడవలెను గదా యని తోచును. అట్లు జరుగదు. దుర్భిణిలో నక్షత్రము బిందువుగా కాక, సన్నని వలయములు చుట్టుకొన్న చిన్న బిళ్ళగా అగుపడును. ఇది కటకము సానపట్టినవాని లోపము కాదు. వెలుతురు తరంగముల రూపమున వచ్చుటచే, గుండ్రని రంధ్రమును దాటునప్పుడు ఇట్లు పరచుకొనునని ఎయిరీ 1835లో గణితము చేసి చూపెను. కటకము వెడల్పయిన కొలది బిళ్ళ చిన్నదగును. ఎక్కువ రెట్లు పెంచినచో ఎడముతోపాటు బిళ్ళయు పెరుగును. కలిసిపోయిన రెండు బిళ్ళలు కలిసియే పెద్దవగును.

ఈ హద్దును అనుభవముచే కనుగొన్నవాడు ఇంగ్లండునకు చెందిన మతాచార్యుడు డాస్. దగ్గఱి చూపు గలవాడయ్యు, దుర్భిణివద్ద ఆయన చూపు డేగచూపని పేరుపడెను. వేర్వేరు వెడల్పుల కటకములతో జంట నక్షత్రములను ఏండ్ల తరబడి చూచి, 1867లో ఒక సూత్రమును ప్రకటించెను. అంగుళము వెడల్పు కటకమునకు 4.56 వికళలు హద్దు. వెడల్పు ఎన్ని అంగుళములైన అన్నింటిచే దీనిని భాగింపవలెను. నాలుగంగుళముల కటకమునకు ఇది ఒక వికళకు కొంచెము ఎక్కువ. అయితే గాలి నిలకడగా లేని రాత్రి ఈ సూత్రము పనిచేయదు. వలయములు చెదరి బిళ్ళ ఉడుకుచున్నట్లు కనబడెనా, లోపము గాలిదని ఎఱుంగవలెను.

గెలీలియో చూచిన జంటలో పెద్ద చుక్క మరల రెండని 1889లో దాని వర్ణపటము తెలిపెను. వాటి ఎడము వికళలో నూఱవ వంతు మాత్రమే. డాస్ లెక్కను దీనికి 456 అంగుళములు, అనగా 38 అడుగుల వెడల్పు కావలెను. మౌంట్ విల్సన్‌లోని దుర్భిణి వెడల్పు 100 అంగుళములే. మైకల్సన్ పన్నిన ఉపాయము మనకెంతో ముచ్చట గొలుపును. ఆ దుర్భిణికి అడ్డముగా 20 అడుగుల ఉక్కు దూలము బిగించి, దానిపై ఎడముగా నిలిపిన అద్దములనుండి వచ్చు వెలుతురును లోపల కలిపిరి. అప్పుడు నక్షత్రపు బిళ్ళపై సన్నని చారలు తోచును. ఉన్నవి రెండు చుక్కలైనచో, అద్దముల నడుమ ఒకానొక దూరమున, ఒకదాని వెలుగుచారలు రెండవదాని చీకటిచారలపై పడి, చారలు మాసిపోవును. ఆ దూరమే చుక్కల ఎడమును తెలుపును. 1920ల దశకమున పీజ్ ఇట్లే ఆ జంట కక్ష్యను కొలిచెను.

అరుంధతి సంగతి 2009 వఱకు తేలలేదు. ఆమెకు ఒక వికళ ఎడమున ఎఱ్ఱని మసకచుక్క తోడున్నదట. అయిదంగుళముల కటకమే ఆ ఎడమునకు చాలునని డాస్ సూత్రము చెప్పును. కాని ఆయన లెక్క సమానముగా వెలుగు చుక్కలకే. ఇచ్చట అరుంధతి కాంతిలో ఆ తోడు మునిగిపోయినది. పాలొమార్‌లోని 200 అంగుళముల దుర్భిణిలో అరుంధతి వెలుతురును మఱుగుపఱచి చూచినప్పుడు అది బయటపడెను.