యానిమేటిక్

యానిమేటిక్ అనగా యానిమేషన్ చిత్రానికి బొమ్మలు కదిలించడం మొదలుపెట్టక ముందు, స్టోరీబోర్డులోని చిత్తు బొమ్మలను తాత్కాలికంగా రికార్డు చేసిన ధ్వనితో జతచేసి తయారుచేసే వీడియో. ఇందులో బొమ్మలు కదలవు. ఒక్కొక్క బొమ్మ తెరపై కొంతసేపు నిలిచి, తరువాతి బొమ్మకు చోటిస్తుంది. కథా గమనం, అనగా కథ ఎక్కడ వేగంగా నడుస్తోంది, ఎక్కడ సాగుతోంది అన్న విషయం, దీని ద్వారా ముందుగానే తెలుసుకుంటారు. దీనిని స్టోరీ రీల్ అని, పూర్వం లైకా రీల్ అని కూడా పిలిచారు.

కాగితంపై ఉన్న స్టోరీబోర్డును చదివేవారు తమకు తోచిన వేగంతో చదువుతారు. నచ్చిన బొమ్మ వద్ద ఆగుతారు, నచ్చనిదాన్ని దాటిపోతారు. సినిమా ప్రేక్షకునికి ఆ వీలు లేదు. అందువల్ల కాగితంపై చక్కగా కనిపించిన కథ తెరపై నత్తనడక నడవవచ్చు. యానిమేటిక్ ఈ లోపాన్ని బయటపెడుతుంది.

## చరిత్ర

చిత్తు బొమ్మలను గోడమీద వరుసగా గుచ్చి కథను పరిశీలించే పద్ధతి 1930వ దశకంలో వాల్ట్ డిస్నీ స్టూడియోలో స్థిరపడింది. ఆ బొమ్మలను ఫిల్ముపై చిత్రీకరించి, ధ్వనితో కలిపి చూసే లైకా రీల్ పద్ధతి కూడా అక్కడే వాడుకలోకి వచ్చింది. తరువాత వీడియో, ఆపైన కంప్యూటరు ఎడిటింగు రావడంతో ఈ పని చిన్న బృందాలకు సైతం అందుబాటులోకి వచ్చింది.

స్టోరీ రీల్ వలన ఒక చిత్రం దారి మళ్ళిన సందర్భానికి టాయ్ స్టోరీ ప్రసిద్ధమైన ఉదాహరణ. 1993 నవంబరు 19న పిక్సార్ సంస్థ ఈ చిత్రపు రీళ్ళను డిస్నీ సంస్థకు ప్రదర్శించింది. ముఖ్యపాత్ర అయిన వుడీ అందరినీ ఎద్దేవా చేసే కటువైన బొమ్మగా కనిపించడంతో ప్రదర్శన విఫలమైంది, నిర్మాణం నిలిచిపోయింది. ఆ శుక్రవారాన్ని పిక్సార్ ఉద్యోగులు తరువాత బ్లాక్ ఫ్రైడే అని పిలుచుకున్నారు. కథను సుమారు మూడు నెలలలో తిరిగి వ్రాశారు. చిత్రం 1995 నవంబరు 22న అమెరికాలో విడుదలైంది. చిత్తు బొమ్మల దశలోనే దోషం తెలిసినందున కథను మార్చడం సాధ్యమయింది.

## చిత్తు బోర్డులు

యానిమేటిక్ కొరకు గీసే ప్రతి బొమ్మను ప్యానెల్ అంటారు. పాత్ర ఎవరు, ఎటు చూస్తోంది, ఏమి చేస్తోంది అన్నవి తెలిస్తే చాలు. నీడలు, రంగులు, అలంకరణ అవసరం లేదు. అందంగా తీర్చిన బొమ్మను తీసివేయడానికి మనసొప్పదు కనుక ఈ దశలో చిత్తుగా ఉండటమే మేలు.

ఒక షాటుకు ఎన్ని ప్యానెళ్ళు అన్నది అందులోని భావాల మార్పును బట్టి ఉంటుంది. పాత్ర కుండలోకి చూసి నిరాశ పడితే రెండు ప్యానెళ్ళు కావాలి: చూడటం ఒకటి, నిరాశ పడటం మరొకటి. ఆ రెంటి నడుమ తల తిరిగే దశలన్నీ గీయనక్కరలేదు.

అన్ని ప్యానెళ్ళూ చిత్రం తెర కొలతలోనే ఉండాలి. ఫైళ్ళకు షాటు సంఖ్య, ప్యానెల్ సంఖ్య కలిసిన పేర్లు పెడతారు. ఉదాహరణకు ఆరవ షాటులోని మూడవ ప్యానెల్‌కు `sh06_p03.png` అన్న పేరు ఉంటే, మార్పులు చేసేటప్పుడు వెతుకులాట ఉండదు.

## స్క్రాచ్ ఆడియో

గమనాన్ని పరీక్షించడానికి తాత్కాలికంగా రికార్డు చేసే మాటలు, శబ్దాలే స్క్రాచ్ ఆడియో. దీనికి వృత్తి నటులు అక్కరలేదు, బృందంలోని వారే చెబుతారు. ఫ్యాను ఆపిన గదిలో సెల్‌ఫోనుతో రికార్డు చేసినా సరిపోతుంది. అయితే మాటలను పాఠం చదివినట్లు చదవరాదు, పాత్ర పలికినట్లే పలకాలి. ఏకబిగిన చదివిన వాక్యానికి మూడు సెకన్లు పడితే, తడబడుతూ పలికిన అదే వాక్యానికి ఐదు సెకన్లు పట్టవచ్చు. ఆ రెండు సెకన్ల తేడా బొమ్మల లెక్కలోకి చేరుతుంది.

కథను నడిపించే శబ్దాలను కూడా చేర్చాలి. తలుపు మూసుకోవడం, రాయి నీటిలో పడటం వంటివి నోటితో చేసినా ఫరవాలేదు. సంగీతాన్ని మాత్రం మొదటి కూర్పులో వాడకపోవడం మంచిది. ఉత్సాహభరితమైన సంగీతం సాగుతున్న దృశ్యాన్ని కూడా చురుకైనదిగా భ్రమింపజేస్తుంది. సంగీతం లేకుండా నిలబడిన గమనమే నమ్మదగినది.

## కూర్పు

బ్లెండర్‌లోని వీడియో సీక్వెన్సర్, స్టోరీబోర్డ్ ప్రో, లేదా మరే ఇతర ఎడిటింగు సాఫ్టువేరులోనైనా ఈ పని చేయవచ్చు. ముందుగా ఫ్రేముల వేగాన్ని చిత్రానికి నిర్ణయించిన వేగమే, సాధారణంగా సెకనుకు 24గా, పెట్టుకోవాలి. దీనిని మధ్యలో మార్చితే అంతవరకు కుదిర్చిన లెక్కలన్నీ తారుమారవుతాయి.

తరువాత ధ్వనిని టైమ్‌లైనుపై పరచి, దానికి అనుగుణంగా ప్యానెళ్ళను అమర్చుతారు. మాటలు లేని షాట్లకు కొలత దొరకదు. అక్కడ దర్శకుడు ఆ చర్యను స్వయంగా నటించి, స్టాప్‌వాచ్‌తో కాలాన్ని కొలుస్తాడు. తెర మూలన షాటు సంఖ్య, నడుస్తున్న కాలం కనిపించేట్లు ఉంచితే, చూసినవారు తమ అభిప్రాయాన్ని ఫలానా చోట అని చెప్పగలుగుతారు.

## చూసి పరీక్షించడం

యానిమేటిక్‌ను మధ్యలో ఆపకుండా మొదటినుండి చివరివరకు చూడాలి. కథ తెలియని ఇద్దరు ముగ్గురికి చూపడం తప్పనిసరి, ఎందుకంటే తయారుచేసినవారు బొమ్మ కనిపించగానే అర్థం చేసుకుంటారు, కొత్తవారికి కొంత సమయం కావాలి. చూపేటప్పుడు వివరణ ఇవ్వరాదు. పూర్తయ్యాక కథను వారిచేతనే చెప్పించాలి.

దోషం ఎక్కడుందో వారి సమాధానాన్ని బట్టి తెలుస్తుంది. ఏమి జరిగిందో వారు చెప్పలేకపోతే బొమ్మలోనో, కథలోని కారణంలోనో లోపముంది. ఆ ప్యానెల్‌ను ఇంకొంతసేపు నిలిపినా ప్రయోజనం ఉండదు. ఏమి జరిగిందో సరిగా చెప్పి, అక్కడ విసుగు పుట్టిందంటే లోపం నిడివిలో ఉంది.

## ఉదాహరణ: దాహం వేసిన కాకి

కుండలో రాళ్ళు వేసి నీరు తాగిన కాకి కథను 60 సెకన్ల చిత్రంగా తీయవలసి ఉందనుకుందాం. పేర్లకు 7 సెకన్లు పోగా కథకు 53 సెకన్లు మిగులుతాయి. మొదటి కూర్పు, సవరించిన కూర్పు ఇలా ఉంటాయి (నిడివి సెకన్లలో).

| షాటు | విషయం | మొదటి కూర్పు | సవరించిన కూర్పు |
|---|---|---|---|
| 1 | ఎండిన పొలాల మీదుగా కాకి ఎగరడం | 8 | 6 |
| 2 | కుండ కనబడటం | 5 | 4 |
| 3 | అంచున వాలి లోనికి చూడటం | 6 | 5 |
| 4 | ముక్కు నీటికి అందకపోవడం | 7 | 7 |
| 5 | ఉపాయం తట్టడం | 6 | 8 |
| 6 | రాళ్ళు వేయడం | 20 | 11 |
| 7 | నీరు తాగడం | 5 | 7 |
| 8 | ఎగిరిపోవడం | 7 | 5 |
| | మొత్తం | 64 | 53 |

మొదటి కూర్పు 11 సెకన్లు ఎక్కువైంది. అన్ని షాట్లనూ సమానంగా కత్తిరిస్తే నిడివి తగ్గుతుంది గాని గమనం బాగుపడదు. అసలు సమస్య ఆరవ షాటులో ఉంది. పది రాళ్ళు, ఒక్కొక్కదానికి రెండు సెకన్లు, ఒకే లయ. మూడవ రాయికే ప్రేక్షకునికి సంగతి అర్థమై, మిగిలిన ఏడు రాళ్ళ కోసం ఊరకే ఎదురుచూస్తాడు. సవరణలో మొదటి రాయిని ఏరి, మోసి, వేసే చర్య పూర్తిగా 3 సెకన్లు కనబడుతుంది. రెండవ రాయికి నీటిమట్టం పెరగడం 2 సెకన్లు చూపుతారు. తరువాతి ఆరు రాళ్ళు అర సెకనుకొకటి చొప్పున 3 సెకన్లలో టపటపా పడిపోతాయి. చివరి రాయి పడి నీరు అంచుకు చేరడం మరల 3 సెకన్లు. రాళ్ళు తొమ్మిదయ్యాయి, నిడివి 11 సెకన్లకు తగ్గింది.

ఐదవ షాటును మాత్రం పెంచవలసి వచ్చింది. మొదటి కూర్పులో కాకి తల గోక్కుంటుండగా, కాకికి ఉపాయం తట్టిందని వ్యాఖ్యాత చెప్పాడు. ఆ ఉపాయం ఎలా వచ్చిందో చూసినవారు చెప్పలేకపోయారనుకుందాం. అది నిడివి లోపం కాదు, కారణం లోపించడం. కాకి కాలు తగిలి గులకరాయి ఒకటి కుండలో పడుతుంది, బుడుక్కుమన్న శబ్దం వస్తుంది, కాకి తల తిప్పి చూస్తుంది. ఈ మూడు ప్యానెళ్ళు చేర్చితే 2 సెకన్లు పెరుగుతాయి, వ్యాఖ్యాత వాక్యం అనవసరమై తొలగిపోతుంది.

ఏడవ షాటు నిలకడ బొమ్మలుగా 5 సెకన్లలో సరిపోయినట్లే కనిపించింది. కాని వంగడం, రెండు గుక్కలు తాగడం, తలెత్తి మింగడం నటించి కొలిస్తే 7 సెకన్లు పట్టింది. ఐదు సెకన్లతోనే ఖరారు చేసి ఉంటే, ఎండలో అంత పాటుపడిన కాకి ఆదరాబాదరాగా తాగవలసి వచ్చేది.

పనిలో కలిగే ఆదా కూడా లెక్కించవచ్చు. 64 సెకన్లకు 1536 ఫ్రేములు, 53 సెకన్లకు 1272 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపే పద్ధతిలో గరిష్ఠంగా 768 బొమ్మలకు బదులు 636 చాలు. గీసి పారవేయవలసిన 132 బొమ్మలు తప్పాయి.

## పరిమితులు

ఏడవ షాటు యానిమేటిక్‌కు గల ముఖ్యమైన పరిమితిని చూపుతుంది. కదలని బొమ్మ రెండు సెకన్లు నిలిచినా ఎక్కువసేపు నిలిచినట్లు అనిపిస్తుంది. అందుచేత తయారీదారులు షాట్లను అవసరానికి మించి కత్తిరిస్తారు, తరువాత యానిమేటరుకు అభినయానికి చోటు మిగలదు. నృత్యం, వెంబడింపు వంటి కదలిక ప్రధానమైన దృశ్యాలకు ప్యానెళ్ళ సంఖ్య పెంచడమో, చిత్తు కదలికలు గీసి చేర్చడమో చేస్తారు. ముఖంలోని సున్నితమైన మార్పుతో నడిచే హాస్యం కూడా చిత్తు బొమ్మలలో పూర్తిగా తెలియదు.

స్క్రాచ్ గొంతు స్థానంలో అసలు నటుల గొంతు వచ్చినపుడు నిడివులు మారతాయి. కనుక అసలు మాటలు రికార్డయిన తరువాత యానిమేటిక్‌ను మరొకసారి సరిచేసి, అప్పుడే గమనాన్ని ఖరారు చేస్తారు. ఒక్కొక్కసారి తాత్కాలిక గొంతే నిలిచిపోవడం కూడా కలదు. ఎ బగ్స్ లైఫ్ (1998) చిత్రంలో హైమ్‌లిక్ పాత్రకు కథా విభాగపు కళాకారుడు జో రాన్‌ఫ్ట్ ఇచ్చిన స్క్రాచ్ గొంతు నచ్చడంతో, చిత్రంలోనూ ఆయనే ఆ పాత్రకు గొంతునిచ్చాడు.

ఖరారైన యానిమేటిక్ నుండి ప్రతి షాటు నిడివినీ ఫ్రేములలో వ్రాసి యానిమేటర్లకు అందజేస్తారు. పై ఉదాహరణలో ఆరవ షాటు 264 ఫ్రేములు. బొమ్మలు పూర్తయిన కొద్దీ వాటిని యానిమేటిక్‌లోని చిత్తు ప్యానెళ్ళ స్థానంలో పెడుతూ పోతారు. చివరి ప్యానెల్ కూడా మారినపుడు యానిమేటికే చిత్రంగా రూపొందుతుంది.

## ఇవి కూడా చూడండి

- యానిమేషన్
- స్టోరీబోర్డు
- ఫిల్మ్ ఎడిటింగ్
- టాయ్ స్టోరీ