ఇంటి భాష గడిలో ఏం రాయాలి?

పిల్లవాణ్ణి రెండో తరగతిలో చేర్చాలి. గుంటూరు నుంచి నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ వచ్చి ఇంకా నెల కాలేదు. భోజనాలయ్యాక తల్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బడి దరఖాస్తు నింపుతోంది. పేరు, పుట్టిన తేదీ, టీకాల వివరాలు అన్నీ పూర్తయ్యాయి. ఇంటి భాష సర్వే దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. అందులో మూడే ప్రశ్నలు. బిడ్డ మొదట మాట్లాడటం నేర్చిన భాష ఏది? ఎక్కువగా మాట్లాడే భాష ఏది? ఇంట్లో ఎక్కువగా వినిపించే భాష ఏది?

"మూడింటికీ ఇంగ్లిషనే పెట్టెయ్" అన్నాడు భర్త. "తెలుగని రాస్తే వాణ్ణి వేరే గదిలో కూర్చోబెడతారట. మా ఆఫీసులో అందరూ అదే చెబుతున్నారు."

"వాడికి అక్కడ టీచరు చెప్పేది అర్థం కాకపోతే ఏం చేస్తామండీ?"

"రెండు నెలల్లో వాడే నేర్చుకుంటాడు. పిల్లలకి ఎంతసేపు!"

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఈ ఊళ్లో కొన్ని తెలుగు ఇళ్లలో నడిచే వాదనను ఒకచోట చేర్చి చెబుతున్నాను, అందుకే పేర్లు లేవు. 2020 జనగణన ప్రకారం మోరిస్‌విల్ జనాభా 29,630. అందులో సగానికి కాస్త తక్కువగా ఆసియా మూలాలవాళ్లే. పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ ఉద్యోగాలు, ఊళ్లోనే హిందూ సొసైటీ గుడి. ఇక్కడ తెలుగు వినపడని రోజు ఉండదు. అయినా ఆ గడిలో తెలుగని రాయడానికి చెయ్యి ఆడదు.

ఆ ప్రశ్న అడగాల్సిన బాధ్యత బడి మీద ఎలా పడిందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. దానికి శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కి వెళ్లాలి.

1970లో అక్కడ పేదలకు న్యాయసాయం చేసే ఎడ్వర్డ్ స్టైన్‌మన్ అనే యువ లాయరు దగ్గరికి ఒక చైనీస్ తల్లి ఇంటి యజమానితో ఉన్న తగువు గురించి వచ్చింది. మాటల్లో ఆమె కొడుకు కిన్నీ లావ్ సంగతి తెలిసింది. ఒకటో తరగతి పిల్లవాడు. బడికి రోజూ వెళ్తున్నాడు, పాఠం మాత్రం ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆ నగరంలో ఇంగ్లిషు రాని చైనీస్ పిల్లలు 2,856 మంది ఉన్నారని కోర్టు పత్రాల్లో తేలింది. ఇంగ్లిషు నేర్పే అదనపు సాయం అందుతున్నది సుమారు వెయ్యి మందికే. మిగిలిన 1,800 మంది ఊరికే కూర్చుని లేచి వస్తున్నారు.

స్టైన్‌మన్ దావా వేశాడు. జిల్లా కోర్టులో ఓడిపోయాడు. 1973లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయాడు. ప్రతి విద్యార్థీ బడికి తన ఇంటి అనుకూలతలతో, లోపాలతో వస్తాడు, అవి బడి తెచ్చిపెట్టినవి కావు అన్నది అక్కడి తర్కం. అందరికీ అవే పుస్తకాలు, అవే టీచర్లు, అవే బల్లలు. ఇంకేం కావాలి?

1974 జనవరి 21న సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని కొట్టేసింది. జస్టిస్ డగ్లస్ కాలిఫోర్నియా చట్టాన్నే తిప్పి చూపాడు. బడికి రావడం తప్పనిసరి అంటున్నారు, ఇంగ్లిషు రాకపోతే పట్టా లేదంటున్నారు, ఆ ఇంగ్లిషు మాత్రం నేర్పడం లేదు. అర్థం కాని పిల్లవాడికి అందరితో సమానంగా పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని తేల్చాడు. దానికి ఆధారం 1964 పౌర హక్కుల చట్టం.

అయితే ఏ భాషలో చదువు చెప్పాలో కోర్టు చెప్పలేదు. ఇంగ్లిషు నేర్పడం ఒక దారి, చైనీస్‌లో పాఠం చెప్పడం ఇంకో దారి, వేరే దారులూ ఉండొచ్చని వదిలేసింది. తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ బ్లాక్‌మన్ ఒక మాట చేర్చాడు: ఈ కేసుకి గుండెకాయ పిల్లల సంఖ్య, భాష రాని పిల్లలు ఇద్దరు ముగ్గురే ఉన్నచోట నా తీర్పు ఇలాగే ఉంటుందనుకోవద్దు.

నాకు ఆ తీర్పు మొత్తంలో మోరిస్‌విల్‌కి దగ్గరగా అనిపించేది ఆ మాటే. ఒక బడిలో తరగతికి ఐదుగురు చొప్పున తెలుగు పిల్లలున్నారనుకుందాం. వాళ్లకి తెలుగులో లెక్కలు, సైన్సు చెప్పాలంటే రాష్ట్రం గుర్తించిన టీచరు కావాలి, ఇక్కడి పాఠ్యప్రణాళికకు తగ్గ తెలుగు పుస్తకాలు కావాలి, తరగతి గది నిండాలి. ఐదుగురి కోసం అదంతా చేస్తే పక్కనున్న తమిళ, మరాఠీ, చైనీస్ పిల్లలకీ చేయాలి. ఉన్న డబ్బు అంతే, గదులూ అన్నే. అందుకని చిన్న గుంపుల్లో ఇంగ్లిషు నేర్పే ఈఎస్ఎల్ టీచరు అన్ని భాషల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టుకుంటుంది. విధానం రాసేవాళ్లు దీన్ని ఎంచుకున్నది తెలుగు మీద చిన్నచూపుతో కాదు. కానీ దీనికి ధర ఉంది. ఆ అరగంటో ముప్పావుగంటో పిల్లవాడు తన తరగతిలో జరిగే మరో పాఠం పోగొట్టుకోవచ్చు. ఇంటి భాష మాత్రం బడి గుమ్మం దాటి లోపలికి రాదు.

సంఖ్య ఉన్నచోట కూడా చిక్కు తీరదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బడులను ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం జరిపిన సర్వేలో 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లిషే కోరారని ప్రకటించింది. అక్కడ తెలుగు బడికి పిల్లలు కావలసినంత మంది ఉన్నారు, తల్లిదండ్రుల మనసు ఇంగ్లిషు మీద ఉంది.

మళ్లీ ఆ గడి దగ్గరికి. అమెరికా అధ్యక్షుడు 2025 మార్చి 1న ఒక ఉత్తర్వుతో ఇంగ్లిషును అధికార భాషగా ప్రకటించాడు. "ఇంకేముంది, ఆ ప్రశ్నలూ ఆ సాయమూ అన్నీ ఎత్తేశారుగా" అన్నవాళ్లను చూశాను. నార్త్ కరోలినాలో 1987 నుంచీ ఇంగ్లిషే అధికార భాష. అయినా ఇన్నేళ్లూ ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలకు బడులు ఏం చేయాలో వివరించిన 2015 నాటి మార్గదర్శకాలను కేంద్ర విద్యాశాఖ 2025లో ఉపసంహరించింది, నిజమే. కానీ 1964 చట్టం గానీ, భాషా అడ్డంకిని తొలగించమని బడులను ఆదేశించే 1974 చట్టం గానీ అధ్యక్షుడి ఉత్తర్వుతో పోవు.

తెలుగని రాస్తే జరిగేది ఇది. ముందు విడా అనే సంస్థ తయారుచేసిన చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిషు బాగా వచ్చిన పిల్లవాడైతే కథ అక్కడితో అయిపోతుంది. రాకపోతే ఈఎస్ఎల్ సాయం, ఏటా ఒక పరీక్ష. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం ఒక్కోదానికి ఆరు దాకా మార్కు. చదవడానికీ రాయడానికీ 35 శాతం చొప్పున బరువు, మిగతా రెంటికీ 15 చొప్పున. ఈఎస్ఎల్ నుంచి బయటపడటానికి ఈ రాష్ట్రంలో ఏళ్లుగా నడిచిన గట్టు మొత్తం మీద 4.8. వినడంలో 5.5, మాట్లాడటంలో 5 తెచ్చుకున్న పిల్లవాడు చదవడంలో 4.3, రాయడంలో 4 దగ్గర ఆగితే మొత్తం సుమారు 4.5 అవుతుంది. గట్టు దాటడు.

భర్త అన్న రెండు నెలల లెక్క తప్పేది ఇక్కడే. ఆటస్థలం ఇంగ్లిషు త్వరగానే వస్తుంది, పాఠం ఇంగ్లిషుకి ఏళ్లు పడుతుంది. గలగలా మాట్లాడే పిల్లవాడు కూడికలు టకటకా చేసి, అదే లెక్క మాటల్లో ఇస్తే ఆగిపోతున్నాడంటే అంకెలు రాక కాదు, వాక్యం అందక. ఇంట్లో ఇంగ్లిషని రాసిన పిల్లవాడి విషయంలో టీచరు దీన్ని బద్ధకమనుకునే ప్రమాదం ఉంది.

ఆ రాత్రి తల్లి మూడు గడుల్లోనూ తెలుగనే రాసింది. మీరూ అదే రాయండి. తెలుగు అక్షరాలు నేర్పే పని వారాంతపు తెలుగు తరగతులదీ మీదీ, దాన్ని బడి చేయదు. ఈఎస్ఎల్ వద్దనుకుంటే వద్దని రాసిచ్చే హక్కు మీకుంది. అలా రాసిచ్చినా, పిల్లవాడు గట్టు దాటేదాకా ఏటా జరిగే ఆ పరీక్ష మాత్రం రాయాల్సిందే.