ఇంటింటా తిరిగి అమ్మడం: తొలి రోజుల్లో తెలుసుకోవాల్సిన విషయాలు

తిరుపతి జిల్లా తడ తమిళనాడు సరిహద్దులో ఉంది. సూళ్లూరుపేట, చెన్నై మధ్య తిరిగే లోకల్ రైలు ఇక్కడ ఆగుతుంది. చెన్నైలో హోల్‌సేల్‌గా నైటీలు, దుప్పట్లు కొని వీధుల్లో అమ్ముకోవాలనుకునే మహిళకు ఇది అనువైన చోటే. సరుకు తేవడం పెద్ద కష్టం కాదు. తెలియని ఇంటి తలుపు తట్టి, వద్దన్నా నొచ్చుకోకుండా, మళ్లీ అదే ఇంటికి వెళ్లగలగడమే అసలు పని.

ఏ వేళకు వెళ్లాలి?

ఉదయం పది దాకా వంట, పిల్లల బడి హడావిడి ఉంటుంది. పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు వెళ్తే ఇంట్లో ఆడవాళ్లు కాస్త తీరికగా మాట్లాడతారు. అయితే ఈ ప్రాంతంలో శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే ఇంట్లో బెల్లు మోగిస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. పక్కింట్లో అడిగి, అలాంటి ఇళ్లను నోటుబుక్కులో గుర్తు పెట్టుకోవాలి. ముస్లిం కుటుంబాలు ఉండే వీధిలో శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ, రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు గంట వదిలేయడం మంచిది.

గడప దగ్గర

తలుపు తట్టి రెండడుగులు వెనక్కి, కాస్త పక్కకు నిలబడాలి. లోపలికి తొంగి చూసినట్టు ఉండకూడదు. పర్దా పాటించే ఇళ్ల దగ్గర అమ్మేవారు మగవారైతే ఇది మరీ ముఖ్యం. తలుపు తీయగానే పేరు, ఊరు, తెచ్చిన సరుకు ఒక్క మాటలో చెప్పాలి. "అక్కా, నేను పక్క వీధి నుంచి వచ్చాను, కాటన్ నైటీలు తెచ్చాను, ఒకసారి చూస్తారా?" అంటే చాలు. సరేనంటేనే మూట విప్పాలి, అదీ వరండాలోనే.

ఏదైనా డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ తరఫున అమ్మేవారికి 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి వెళ్లకూడదు. చేరడానికే ఫీజు కట్టమనే కంపెనీ అయితే దూరంగా ఉండాలి.

లెక్క ఎలా ఉంటుంది?

ఒక నైటీ 180 రూపాయలకు కొని 250కి అమ్ముతున్నారనుకుందాం. ఒక్కోదానిపై 70 మిగులుతుంది. రోజుకు 40 ఇళ్లు తిరిగితే కొన్నింటికి తాళం ఉంటుంది, ఎక్కువమంది వద్దంటారు, ఐదారుగురు చూస్తారు, ఇద్దరు కొంటారు. వచ్చే 140లో ఆటోకు 40 పోతే చేతికి వంద. మొదటి వారం ఇలాగే ఉంటే కంగారు పడక్కర్లేదు. చూసి కొననివాళ్లు ఏ రంగు, ఏ సైజు అడిగారో రాసుకుంటే తర్వాతి సరుకు దాన్నిబట్టి తేవచ్చు.

అప్పు దగ్గరే జాగ్రత్త. ఒక్క నైటీ డబ్బు రాకపోతే 180 పోయినట్టే. దాన్ని పూడ్చడానికి మరో మూడు అమ్మాలి. అందుకే కొత్త ఇంటికి మొదటిసారే అరువు ఇవ్వకూడదు. "మొదటి సరుకు గదా అక్కా, ఈసారికి డబ్బులిచ్చేయండి" అని నవ్వుతూ చెప్పొచ్చు. ఫోన్‌పేలో పంపామని స్క్రీన్ చూపిస్తే సరిపోదు, సొమ్ము తన ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి.

భద్రత

మొదటి రెండు వారాలు ఇద్దరు కలిసి తిరగడం మేలు. ఏ వీధికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పాలి. సైజు చూడటానికి లోపలికి రమ్మన్నా గడప దాటకూడదు. మగవాళ్లు మాత్రమే ఉన్న గదుల దగ్గర ఆగకూడదు. చిల్లర ఒక పర్సులో, మిగతా డబ్బు వేరేచోట ఉంచుకోవాలి. చీకటి పడేలోపు మెయిన్ రోడ్డు చేరాలి. ఎవరైనా వెంటపడితే సరుకు గురించి ఆలోచించకుండా జనం ఉన్న చోటికి వెళ్లి 112కు ఫోన్ చేయాలి.

వద్దన్నప్పుడు

"వద్దు" అంటే ఒకటే జవాబు: "సరే అక్కా, పర్లేదు." ఎందుకు వద్దని అడగకూడదు, ధర తగ్గిస్తామని వెంటపడకూడదు. "ఇప్పుడొద్దులే" అంటే మాత్రం అర్థం వేరు. "పండక్కి ముందు ఒకసారి రమ్మంటారా?" అని అడిగి, అన్న రోజుకే వెళ్లాలి. విసుక్కుని తలుపు వేసిన ఇంటిని నెలపాటు వదిలేయాలి. గోడకు "సేల్స్‌మెన్ రావద్దు" అని బోర్డు ఉంటే తట్టనే కూడదు.

మర్యాదగా వెనుదిరిగిన ఇంటికి మళ్లీ వెళ్లే వీలుంటుంది. వాదించి వచ్చిన ఇంటి సంగతి పక్కింటివాళ్లకూ తెలుస్తుంది, ఒక్క ఇంటితో ఆ వీధంతా పోతుంది.