మాస్టారికి కార్డు: పుట్టుపూర్వోత్తరాలు

గ్రీటింగ్ కార్డు పుట్టిందే ఉత్తరం రాసే శ్రమ తప్పించడానికి. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా వచ్చింది. దేశంలో ఎంత దూరానికైనా మామూలు ఉత్తరానికి ఒక్క పెన్నీ చాలు. ఆ పద్ధతి రావడానికి పాటుపడినవాళ్లలో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి ఒకడు. ఉత్తరం చవకయ్యేసరికి క్రిస్మస్‌కు శుభాకాంక్షలు కుప్పలుగా వచ్చిపడేవి. జవాబు రాయకపోతే మర్యాద కాదు, రాయడానికేమో తీరిక లేదు. 1843లో ఆయన జాన్ హోర్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి, కింద పండగ శుభాకాంక్షలు అచ్చు వేయించాడు. పైన ఎవరికో రాయడానికి ఒక గీత, కింద ఎవరు పంపారో రాయడానికి ఇంకో గీత. రెండు పేర్లు నింపితే పని అయిపోయినట్టే.

ఇప్పుడు సెప్టెంబరు వస్తే దుకాణాల్లో కనిపించే టీచర్స్ డే కార్డుకు మూలం అదే. ముందు పువ్వులు, దీపం, పుస్తకాలు, లోపల కుడివైపు అచ్చైన నాలుగు పాదాల ఇంగ్లీషు కవిత, కింద సంతకానికి చోటు. అయితే పెద్దవాడైన శిష్యుడు చిన్నప్పటి మాస్టారికి కార్డు పంపేటప్పుడు ఈ ఏర్పాటుతో తృప్తి పడడు. అచ్చు కవితను వదిలేసి, ఎడమవైపు ఖాళీ పేజీలో సొంత అక్షరాలతో రాస్తాడు. రాయనక్కర్లేదని తయారైన వస్తువు మీద కావాలని రాసిన ఈ రాత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే, కార్డు కథతో పాటు రోజు కథ, ఉత్తరం కథ కూడా చెప్పుకోవాలి.

రోజు కథ మనవాళ్లకు తెలిసిందే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లిది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1962 మేలో రాష్ట్రపతి అయ్యారు. శిష్యులూ మిత్రులూ పుట్టినరోజు వేడుక చేస్తామని అడిగితే, ఆ రోజును ఉపాధ్యాయులందరి పేరున జరిపితే ఎక్కువ సంతోషిస్తానన్నారని అందరూ చెప్పుకునే మాట. ఆ ఏడాది నుంచే సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది. ఉపాధ్యాయుల సంక్షేమం కోసం జాతీయ నిధి కూడా 1962లోనే ఏర్పడింది. కాబట్టి తొలి రోజుల్లో ఈ పండగకు చిహ్నం కార్డు కాదు, ఆ నిధికి చందా ఇచ్చినందుకు చొక్కాకు గుచ్చుకునే చిన్న కాగితపు జెండా. మన బళ్లలో దానికి తోడు పిల్లలే టీచర్లయి పాఠాలు చెప్పే స్వపరిపాలన దినోత్సవం. కార్డులు తర్వాత వచ్చాయి. ఢిల్లీలో 1979లో మొదలైన ఆర్చీస్ వంటి సంస్థలు పట్నాల్లో కార్డుల దుకాణాలు తెరిచాక, ఆ దుకాణం లేని ఊళ్లలో పిల్లలు చార్టు కాగితం మడిచి స్కెచ్ పెన్నులతో సొంతంగా కార్డులు చేయడం మొదలుపెట్టాక, జెండా వెనక్కి పోయింది.

ఇక ఉత్తరం కథ. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే కార్డులోని రాతకు అసలు ఊపిరి ఇక్కడిదే.

తెలుగులో గురువుకు ఉత్తరం రాయడానికి స్థిరమైన మర్యాద ఒకటి ఉండేది. చిన్నవాడికైతే ‘చిరంజీవి’ అని మొదలుపెట్టి ఆశీర్వదించి రాసేవారు. గురువుకైతే ‘మహారాజశ్రీ గురువుగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది’ అని మొదలు, తర్వాత ‘ఉభయకుశలోపరి’, ఆ తర్వాతే విషయం, చివర ‘ఇట్లు తమ విధేయుడు’. తపాలా కార్డు ఇరుకుగా ఉన్నా ఈ వరస తప్పేది కాదు. తర్వాతి తరాల పిల్లలకు దీన్నే బడిలో లేఖారచన పేరుతో నేర్పారు. కుడివైపు పైన ఊరు, తేదీ. ఎడమవైపు సంబోధన. ఒక పేరా విషయం. కింద కుడివైపు ‘ఇట్లు’. ఆఖరున డబ్బా గీసి అందులో చిరునామా. డబ్బా మరిచిపోతే మార్కు పోయేది. మాస్టారికి ఉత్తరం ఎలా రాయాలో నేర్పింది కూడా మాస్టారే. అందుకే అరవై ఏళ్ల శిష్యుడు కార్డు తెరిచి కలం పట్టుకోగానే, చెయ్యి తనంతట తాను కుడివైపు పైకి వెళ్లి తేదీ వేస్తుంది.

ఈ మర్యాదలో బలమూ ఉంది, పరిమితీ ఉంది. ఏం రాయాలో తోచనివాడికి అది మొదటి వాక్యం అందిస్తుంది, అది బలం. అయితే పాదపద్మాలకు నమస్కరించాక ఇంకేం చెప్పాలో అది చెప్పదు. పాత గురుశిష్య ఉత్తరాలు చాలావాటిలో మొదలూ చివరా నిండుగా ఉండి, నడుమ రెండే వాక్యాలుంటాయి: క్షేమం, ఉద్యోగం వచ్చింది. తపాలా నియమాలు కూడా మాటను కుదించడమే నేర్పాయి. అచ్చు కార్డును కవరు అతికించకుండా తక్కువ రుసుముతో పంపే వీలుండేది, కానీ అందులో చేత్తో రాసే మర్యాద మాటలు అయిదు దాటకూడదని అంతర్జాతీయ తపాలా నిబంధన. అయిదు మాటల్లో శుభాకాంక్షలు పడతాయి, జీవితం పట్టదు.

జీవితం పట్టేలా రాసిన శిష్యుడి ఉత్తరాల్లో నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గొప్పది అల్బేర్ కామూ రాసింది. దానికి ఉపాధ్యాయ దినోత్సవంతో సంబంధం లేదు. 1957 అక్టోబరులో ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పటికాయనకు ఇంకా 44 నిండలేదు. నవంబరు 19న, చుట్టూ హడావుడి కాస్త తగ్గాక, అల్జీర్స్‌లో తనకు ప్రాథమిక బడిలో చదువు చెప్పిన లూయీ జెర్మేన్‌కు ఆయన చిన్న ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం వెనక ఏముందో చూడాలి. కామూ తండ్రి 1914లో మార్న్ యుద్ధంలో గాయపడి చనిపోయాడు. అప్పటికి పిల్లవాడికి ఏడాది కూడా నిండలేదు. తల్లికి సరిగా వినపడదు, చదవడం రాదు, ఇళ్లలో పాచిపని చేసేది. ఇంటి పెత్తనం అమ్మమ్మది. ప్రాథమిక విద్య అయ్యాక మనవడిని పనిలో పెట్టాలన్నది ఆవిడ నిర్ణయం, ఆ ఇంటి పరిస్థితికి అది సహజమైన నిర్ణయం కూడా. జెర్మేన్ స్వయంగా ఇంటికి వెళ్లి ఆవిడతో మాట్లాడి ఒప్పించాడు. పై బడిలో ఉపకారవేతనం పరీక్షకు కామూనీ మరికొందరు పిల్లల్నీ పైసా తీసుకోకుండా బడి వేళల తర్వాత తయారుచేశాడు. 1924లో పిల్లవాడు లిసే అనే ఆ పై బడిలో చేరాడు. ఆ ఒక్కసారి మాస్టారు ఆ గడప తొక్కకపోతే తర్వాతి పుస్తకాలేవీ లేవు.

ఉత్తరంలో కామూ ఈ కథంతా చెప్పలేదు, మాస్టారికి తెలుసు కనుక. బహుమతి వార్త తెలియగానే అమ్మ తర్వాత మీరే గుర్తొచ్చారని, పేదపిల్లవాడైన తనకు మాస్టారు అందించిన చెయ్యి లేకపోతే ఇదేదీ జరిగేది కాదని భావం. ఆ గౌరవాన్ని పెద్దదిగా చూడను కానీ, మీరు నాకేమిటో చెప్పడానికి ఇది అవకాశమైందన్నట్టు రాశారు. మాస్టారి శ్రమ ఇంకా ఒక పూర్వవిద్యార్థిలో బతికి ఉందని చెప్పి ముగించారు. డిసెంబరులో స్వీడన్‌లో చేసిన ప్రసంగాలు పుస్తకమైనప్పుడు దాన్ని లూయీ జెర్మేన్‌కే అంకితమిచ్చారు. 1960 జనవరిలో కామూ కారు ప్రమాదంలో పోయారు. అప్పుడు కారులో దొరికిన అసంపూర్తి నవల ‘మొదటి మనిషి’ 1994లో అచ్చయింది. దాని చివర ఈ ఉత్తరాన్ని, 1959లో జెర్మేన్ తన ‘చిన్నవాడి’కి రాసిన ఉత్తరాన్ని కలిపి వేశారు. ప్రపంచానికి ఆ ఉత్తరం తెలిసింది అలా.

ఈ ఉత్తరంలో మనకు పనికొచ్చే పట్టు ఒకటుంది. పొగడ్త తక్కువ. మాస్టారు మహానుభావుడని ఎక్కడా చెప్పదు. మాస్టారు చేసిన పని ఒకవైపు, దాని ఫలితం ఇంకోవైపు పెట్టి రెంటికీ ముడి వేస్తుంది. కార్డులో రాసే సందేశానికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనబడలేదు. రాసినదాన్ని పరీక్షించడం కూడా సులభం. పైన పేరు మార్చి ఇంకో టీచరుకు పంపగలిగితే అది ఇంకా అచ్చు కవితే. ‘మీరు నాకు దైవసమానులు, మీ రుణం తీర్చుకోలేను’ అనే వాక్యాలు ఈ పరీక్షలో నిలవవు, రాసినవాడి మనసు ఎంత నిజమైనా సరే.

విద్యుత్ శాఖలో ఇంజినీరుగా పనిచేసే స్నేహితుడొకరు తన లెక్కల మాస్టారికి పంపే ముందు కార్డు నాకు చూపించారు. అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

‘పూజ్యులైన మాస్టారికి నమస్కారాలు. పదో తరగతిలో పత్తి ఏరడానికి వెళ్లి నెల దాటి బడికి రాలేదు. మీరు హాజరు పట్టీలో నా పేరు కొట్టెయ్యలేదు. తిరిగొచ్చిన రోజు ఎందుకు రాలేదని అందరిలో అడగలేదు, కూర్చో అన్నారు. సాయంత్రాలు నన్ను ఆపి పోయిన పాఠాలు చెప్పారు. లెక్క తప్పితే తప్పు దగ్గర పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి వదిలేసేవారు, తప్పేమిటో నేనే వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే అప్రెంటిస్ పిల్లల కాగితాల మీద నేనూ సున్నాలే చుడుతున్నాను. ఇట్లు, మీ విద్యార్థి.’

మొదలు లేఖారచనలో నేర్చుకున్నదే, చివరా అదే. నడుమ ఉన్నది మాత్రం ఆయనకూ ఆ మాస్టారికీ తప్ప ఇంకెవరికీ చెందదు. ఆయన మొదట రాసిన చిత్తుప్రతిలో తన హోదా, పదోన్నతులు మూడు వాక్యాలున్నాయట. అవి తీసేసి హాజరు పట్టీ సంగతి చేర్చారు. ఎక్కువమంది కార్డులు పాడయ్యేది అక్కడే. మాస్టారు ఏం చేశారో ఒక్క వాక్యంలో ముగించి, తామేమయ్యారో వివరంగా చెబుతారు. మాస్టారు గర్వపడాలన్నదే ఉద్దేశమైనా, చదివేటప్పుడు అది దరఖాస్తులా ఉంటుంది.

ఇప్పుడు చాలామంది ఫోన్లోనే సందేశం పంపుతున్నారు. అందులో తప్పు లేదు, అయితే ముందుకు నెట్టిన బొమ్మ ఆ పాత అయిదు మాటల కార్డుకు దగ్గర, ఉత్తరానికి దూరం. చేత్తో రాసేవాళ్లకు చిన్న సూచన. నున్నటి కార్డు మీద జెల్ పెన్ను సిరా త్వరగా ఆరదు, మడవగానే అవతలి పేజీకి అంటుకుంటుంది. మామూలు బాల్ పెన్నుతో, ముందు చిత్తు కాగితం మీద రాసుకుని, ఎనిమిది పది వరసల్లో సరిపెట్టండి. రిటైరైన మాస్టార్లకు చూపు తగ్గి ఉంటుంది, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. సంతకం కింద మీ పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, పదో తరగతి చదివిన సంవత్సరం, సెక్షన్ తప్పకుండా రాయండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి చేతుల మీదుగా వేలమంది పిల్లలు వెళ్లి ఉంటారు, ఒక్క శ్రీనివాస్ అంటే ఏ శ్రీనివాసో తెలియదు. సెప్టెంబరు 5కి అందాలంటే ఆగస్టు ఆఖరి వారంలోనే పోస్టు చేయండి.