క్లిక్కులు వస్తున్నా ఆర్డర్లు లేవా? లోపం ప్రకటనలోనా, పేజీలోనా ఇలా తేల్చుకోవాలి

కొత్తపట్నంలో ఒక కుటుంబం ఇంట్లో కొట్టించిన కారం పొడిని ఆన్‌లైన్‌లో అమ్ముతోందనుకుందాం. గూగుల్ ప్రకటనకు 200 క్లిక్కులు పడ్డాయి, డబ్బు ఖర్చయింది, వచ్చినవి మాత్రం 3 ఆర్డర్లే. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ప్రకటన మార్చేస్తారు. అంతకంటే ముందు మూడు లెక్కలు వరుసగా చూడాలి.

మొదటిది పేజీ తెరుచుకునే వేగం. గూగుల్ యాడ్స్‌లో 200 క్లిక్కులు ఉండి, అనలిటిక్స్‌లో సెషన్లు 120 మాత్రమే కనిపిస్తే, మిగతావారిలో చాలామంది పేజీ తెరుచుకోకముందే వెనక్కి పోయి ఉండొచ్చు. వీళ్లు బౌన్స్ రేటులో కూడా కనిపించరు. అందుకే వేగం చూడకుండా మిగతా లెక్కలను నమ్మకూడదు. PageSpeed Insights లో పేజీ చిరునామా ఇస్తే LCP అనే అంకె వస్తుంది. అది 2.5 సెకన్ల లోపు ఉంటే మంచిది, 4 దాటితే చెడ్డది. ఎక్కువసార్లు కారణం ఫోన్‌తో తీసి అలాగే పెట్టిన పెద్ద ఫోటోయే. దాన్ని కుదిస్తే సెషన్లు 175కు పెరిగాయనుకుందాం.

రెండోది బౌన్స్ రేటు. అనలిటిక్స్ 4 లెక్కలో 10 సెకన్లు కూడా ఉండకుండా, రెండో పేజీ తెరవకుండా, ఆర్డరు లాంటి ముఖ్యమైన పనేదీ చేయకుండా పోతే అది బౌన్స్. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవారు ఆ బటన్ నొక్కడాన్ని key event గా గుర్తుపెట్టాలి. లేకపోతే వెంటనే వాట్సాప్‌కు వెళ్లిన కొనుగోలుదారు కూడా బౌన్స్‌గా పడతాడు.

మొత్తం రేటు 60 శాతం అంటే ఏమీ తేలదు, ప్రకటనల వారీగా విడదీయాలి. ‘కారం పొడి’ అని వెతికినవారిలో 35, ‘గుంటూరు మిర్చి’ అని వెతికినవారిలో 85 శాతం ఉంటే, పేజీ ఒకటే కాబట్టి తప్పు ప్రకటనది. రెండో రకం వాళ్లలో చాలామంది యార్డులో ఈరోజు రేటు ఎంతో చూసుకునే రైతులు కావచ్చు. ఏ మాటలు వెతికి వచ్చారో గూగుల్ యాడ్స్‌లోని search terms జాబితాలో తెలుస్తుంది. ‘యార్డు’, ‘మార్కెట్ రేటు’ వంటి మాటలను negative keywords గా పెడితే ఆ ఖర్చు ఆగుతుంది. అన్ని ప్రకటనల్లోనూ బౌన్స్ ఎక్కువే ఉంటే మాత్రం పేజీని అనుమానించాలి.

మూడోది స్క్రోల్. అనలిటిక్స్‌లో scroll అనేది పేజీ 90 శాతం కిందికి జరిగినప్పుడే నమోదవుతుంది. సగం దాకా ఎంతమంది వచ్చారో తెలియాలంటే Tag Manager లో విడిగా పెట్టుకోవాలి. ‘కారం పొడి’ అని వచ్చిన 88 మందిలో 50 మంది అడుగుదాకా చూసి, ముగ్గురే ఆర్డరు నొక్కారంటే ప్రకటన సరైనవాళ్లనే తెచ్చినట్టు. అడ్డు పేజీ చివర ఉంది. అరకిలో పొడికి 120 రూపాయల డెలివరీ ఛార్జీ అక్కడే బయటపడుతోందేమో చూడాలి. ఎవరూ కిందికి రాకపోతే ధర, బరువు, ఆర్డరు బటన్ పైకి తేవాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. పది ఇరవై క్లిక్కులు చూసి తీర్పు చెప్పకూడదు. అంత తక్కువలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా శాతం తారుమారవుతుంది.