అసాధారణ విలువల గుర్తింపు

'''అసాధారణ విలువ''' లేదా '''అవుట్‌లయర్''' అనగా ఒక దత్తాంశ పట్టికలో మిగిలిన విలువలకు బాగా దూరంగా నిలిచే విలువ. ఇటువంటి విలువలను గుర్తించడానికి వాడే పద్ధతులలో చతుర్థాంశాంతర వ్యాప్తి, జెడ్-స్కోరు, ఐసోలేషన్ ఫారెస్ట్ అనే మూడు ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి. ఈ పద్ధతులు ఒక విలువ దూరంగా ఉన్నదని మాత్రమే చెప్పగలవు. అది పొరపాటా, నిజంగా జరిగిన సంఘటనా అన్నది వాటికి తెలియదు. ఈ తేడాను వర్షపాత పట్టికలలో స్పష్టంగా చూడవచ్చు. ఈ వ్యాసంలో సికింద్రాబాదును ఆనుకుని ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రపు వర్షపాతాన్ని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

== బేగంపేట ఉదాహరణ ==
భారత వాతావరణ శాఖ కేంద్రాలలో రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30 గంటలకు కొలుస్తారు. ఆ కొలత అంతకు ముందు 24 గంటలలో కురిసిన వర్షాన్ని సూచిస్తుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 241.5 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం ఒక రోజులో 204.5 మి.మీ. లేదా అంతకు మించిన వర్షం "అత్యంత భారీ వర్షం" అవుతుంది. ఆనాటి వాన వలన జంటనగరాలలోని అనేక ప్రాంతాలు నీట మునిగాయి. కనుక పట్టికలో ఎంత వింతగా కనిపించినా ఈ సంఖ్య నిజమైనదే.

మూడు పద్ధతులు దీనిని ఎలా చూస్తాయో తెలుసుకోవడానికి వాన కురిసిన పది రోజుల పట్టికను తీసుకొందాం. చివరి సంఖ్య పైన చెప్పిన నిజమైన కొలత. మిగిలిన తొమ్మిది సంఖ్యలు లెక్క సులభంగా ఉండడానికి ఊహించినవి.

```
3, 5, 6, 8, 10, 12, 15, 18, 24, 241.5   (mm)
```

== జెడ్-స్కోరు ==
ఒక విలువ సగటు నుండి ఎన్ని క్రమ విచలనాల దూరంలో ఉన్నదో తెలిపే సంఖ్యను జెడ్-స్కోరు అంటారు.

```
z = (x - mean) / s
```

సాధారణంగా జెడ్-స్కోరు 3 కంటే ఎక్కువ లేదా -3 కంటే తక్కువ ఉన్న విలువను అసాధారణమైనదిగా పరిగణిస్తారు. పై పట్టికలో సగటు 34.25, క్రమ విచలనం సుమారు 73.1. కాబట్టి 241.5 యొక్క జెడ్-స్కోరు 207.25 ÷ 73.1, అనగా సుమారు 2.84. ఇది 3 కంటే తక్కువ. అంటే మిగిలిన విలువలలో అతి పెద్దదానికి పది రెట్లు ఉన్న సంఖ్య ఈ పరీక్షలో "సాధారణం" గా తేలుతుంది.

దీనికి కారణం పెద్ద విలువే సగటును తన వైపు లాగి, క్రమ విచలనాన్ని కూడా పెంచివేయడం. ఆ విధంగా తనను కొలిచే కొలబద్దనే అది సాగదీస్తుంది. ''n'' విలువలు ఉన్న పట్టికలో జెడ్-స్కోరు (n-1)/√n ను ఎన్నటికీ మించలేదు. పది విలువలకు ఈ హద్దు సుమారు 2.85. అందువలన పది వరుసల పట్టికలో 3 అనే గీతను ఏ సంఖ్యా దాటలేదు, 241.5 బదులు 24,150 అని వ్రాసినా పట్టుబడదు. కనీసం 11 విలువలు ఉంటేనే ఆ గీతను దాటడం సాధ్యమౌతుంది.

ఈ లోపాన్ని సవరించడానికి సగటు బదులు మధ్యగతాన్నీ, క్రమ విచలనం బదులు మధ్యగతం నుండి ఉండే దూరాల మధ్యగతాన్నీ వాడతారు. పై పట్టికలో మధ్యగతం 11, దూరాల మధ్యగతం 5.5. సవరించిన స్కోరు 0.6745 × 230.5 ÷ 5.5, అనగా సుమారు 28. దీనికి సాధారణంగా పెట్టుకొనే హద్దు 3.5 కనుక ఆ విలువ వెంటనే బయటపడుతుంది.

== చతుర్థాంశాంతర వ్యాప్తి ==
విలువలను ఆరోహణ క్రమంలో అమర్చినపుడు నాలుగో వంతు వద్ద ఉండేది మొదటి చతుర్థాంశం (Q1), మూడు వంతుల వద్ద ఉండేది మూడవ చతుర్థాంశం (Q3). ఈ రెండింటి తేడాయే చతుర్థాంశాంతర వ్యాప్తి (IQR). అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ ప్రచారంలోకి తెచ్చిన నియమం ప్రకారం క్రింది కంచెలకు బయట ఉన్న విలువలను విడిగా చూడాలి.

```
lower = Q1 - 1.5 * IQR
upper = Q3 + 1.5 * IQR
```

పై పట్టికలో మొదటి అయిదు విలువల మధ్యగతం 6, చివరి అయిదింటి మధ్యగతం 18. వ్యాప్తి 12. పై కంచె 18 + 18 = 36, క్రింది కంచె 6 - 18 = -12. వర్షపాతం సున్నా కంటే తగ్గదు కనుక క్రింది కంచెకు ఇక్కడ అర్థం లేదు. 241.5 పై కంచెకు చాలా అవతల ఉన్నది. చతుర్థాంశాలను లెక్కించే సూత్రాలు పలు రకాలు ఉన్నందున కొన్ని సాఫ్ట్‌వేర్లలో పై కంచె 36 బదులు సుమారు 33.4 గా వస్తుంది.

వర్షపాతం విషయంలో ఈ పద్ధతికి రెండు పరిమితులు ఉన్నాయి. ఏడాదిలోని అన్ని రోజులనూ పట్టికలో చేర్చి, వాటిలో మూడు వంతుల కంటే ఎక్కువ పొడి రోజులు ఉంటే Q1, Q3 రెండూ సున్నా అవుతాయి. అపుడు వ్యాప్తి సున్నా అయి, చిన్న జల్లు పడిన రోజు కూడా అసాధారణంగా గుర్తించబడుతుంది. అందుచేత వాన పడిన రోజులనే విడిగా తీసుకోవాలి.

రెండవది, వాన పడిన రోజులలో కూడా చిన్న వానలు ఎక్కువ, పెద్ద వానలు తక్కువ. 1.5 అనే గుణకం రెండు వైపులా సమానంగా ఉండే విభాజనానికి చక్కగా సరిపోతుంది. ప్రసామాన్య విభాజనంలో కంచెల బయట పడేవి 0.7 శాతం మాత్రమే. ఒక వైపు తోక సాగిన ఘాతీయ విభాజనంలో మాత్రం ఏ పొరపాటూ లేకపోయినా సుమారు 5 శాతం విలువలు బయట పడతాయి. విలువల సంవర్గమానాలు తీసుకొని కంచె కట్టడం దీనికి ఒక ఉపాయం. పై పట్టికలో అలా చేస్తే పై కంచె 36 నుండి సుమారు 94 మి.మీ. కు జరుగుతుంది. అపుడు మామూలు గట్టి వానలు లోపలే ఉండిపోయి, 241.5 మాత్రం బయట మిగులుతుంది.

== ఐసోలేషన్ ఫారెస్ట్ ==
పై రెండు పద్ధతులు ఒక్కొక్క నిలువు వరుసను విడివిడిగా చూస్తాయి. ఒక రోజు మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, అదే సమయంలో గాలిలో తేమ 90 శాతం అని పట్టికలో ఉన్నదనుకొందాం. మే నెలలో 42 డిగ్రీలు వింత కాదు. వానాకాలంలో 90 శాతం తేమ వింత కాదు. రెండూ ఒకే గంటలో రావడమే వింత. వరుసలను విడిగా చూస్తే ఈ తప్పు కనబడదు.

ఇటువంటి సందర్భాలలో ఉపయోగపడే ఐసోలేషన్ ఫారెస్ట్‌ను ఫెయ్ టోనీ లియూ, కై మింగ్ టింగ్, ఝీ-హువా ఝౌ 2008లో ప్రతిపాదించారు. ఇందులో పట్టిక నుండి కొన్ని వరుసలను యాదృచ్ఛికంగా తీసుకొని, ఏదో ఒక అంశాన్ని ఎంచి, దాని కనిష్ఠ గరిష్ఠ విలువల మధ్య ఏదో ఒక చోట రెండుగా విడగొడతారు. ప్రతి భాగాన్నీ మరల అలాగే విడగొట్టుకుంటూ పోతే ఒక చెట్టు ఏర్పడుతుంది. గుంపుకు దూరంగా ఉన్న వరుస కొద్ది కోతలకే ఒంటరి అవుతుంది. గుంపు మధ్యలో ఉన్నదానిని వేరు చేయడానికి అనేక కోతలు కావాలి. అనేక చెట్లలో సగటున ఎన్ని కోతలు పట్టాయన్న దానినుండి 0, 1 ల మధ్య ఉండే స్కోరు లెక్కిస్తారు. స్కోరు 1కి దగ్గరైన కొద్దీ ఆ వరుస అసాధారణమైనది. మూల ప్రతిపాదనలో 100 చెట్లు, చెట్టుకు 256 వరుసలు వాడారు.

```python
from sklearn.ensemble import IsolationForest
model = IsolationForest(n_estimators=100, max_samples=256, random_state=0)
df["mark"] = model.fit_predict(X)   # -1 = outlier
```

ఇక్కడ `contamination` అనే విలువతో జాగ్రత్త అవసరం. దానిని 0.05 గా పెడితే పట్టిక ఎంత శుభ్రంగా ఉన్నా సుమారు 5 శాతం వరుసలు గుర్తించబడతాయి. ఆ శాతం వాడుకరి ఇచ్చినదే గాని దత్తాంశం నుండి కనుగొన్నది కాదు. అన్ని నెలలనూ కలిపి ఇస్తే, అరుదుగా వచ్చే శీతాకాలపు వానలు కూడా అసాధారణాలుగా తేలవచ్చు. స్కోరును మాత్రం తీసుకొని, పై నుండి వరుసగా పరిశీలించడం మేలు.

== ఉంచాలా, తొలగించాలా ==
గుర్తించిన విలువను ముందుగా మూల రిజిస్టరుతో పోల్చాలి. 24.1 కి బదులు 241 అని ఎక్కించినట్లు తేలితే, దానిని తొలగించనవసరం లేదు, సరిదిద్దాలి. -999 వంటి సంఖ్య చాలా పట్టికలలో "కొలత లేదు" అనడానికి గుర్తు. దానిని ఖాళీగా మార్చాలి. ఒక రోజు కొలత తీసుకోకపోతే రెండు రోజుల వాన కలిసి మరుసటి రోజు కింద నమోదు కావచ్చు. ముందు రోజు ఖాళీగానో సున్నాగానో ఉండి, పొరుగు కేంద్రాలలో రెండు రోజులూ వాన ఉంటే ఈ అనుమానం బలపడుతుంది.

తరువాత పొరుగు కేంద్రాలతో సరిపోల్చాలి. 2020 అక్టోబరు 13-14 తేదీలలో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. అక్టోబరు నెలకు ఇది చాలా అసాధారణం. కాని అదే సమయంలో ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. చుట్టుపక్కల కేంద్రాలన్నీ ఒకే మాట చెప్పినపుడు ఆ సంఖ్యను పరికర దోషంగా భావించలేము. అయితే ఉరుములతో కూడిన వాన చిన్న ప్రాంతానికే పరిమితం కావచ్చు కనుక, పొరుగున వాన లేనంత మాత్రాన కొలత తప్పని నిర్ణయించరాదు.

చివరిది ప్రయోజనం. పై పట్టికలో పెద్ద విలువతో సగటు 34.25, అది లేకుండా సుమారు 11.2. "మామూలు వాన రోజున ఎంత కురుస్తుంది" అన్న ప్రశ్నకు మధ్యగతమైన 11 మంచి జవాబు. దానికోసం ఏ విలువనూ తొలగించనవసరం లేదు. వరద కాలువ వెడల్పును నిర్ణయించడానికి మాత్రం ఏటా కురిసిన అత్యధిక వర్షాల వరుస కావాలి. అక్కడ అసాధారణ విలువలే అసలు దత్తాంశం. వాటిని తీసివేస్తే లెక్క చక్కగా కుదిరినట్లు కనిపించి, కట్టిన కాలువ చిన్నదవుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచించిన వరద నివారణ పథకం ఫలితంగా ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాల అవసరాన్ని తెలిపినది ఏళ్ళ సగటు కాదు, ఆ ఒక్క వాన.

పొరపాటు అని రుజువైన విలువనే మార్చాలి. రుజువు కాని దానిని పట్టికలో ఉంచి, పక్కన ఒక గుర్తు వరుస చేర్చి, ఆ విలువతోనూ అది లేకుండానూ వచ్చిన ఫలితాలను రెండింటినీ తెలపడం సరైన విధానం.

== ఇవి కూడా చూడండి ==
* మధ్యగతం
* క్రమ విచలనం
* ప్రసామాన్య విభాజనం
* మూసీ నది