తయారీలో ఉన్న సరుకు ఖాతా

ఫ్యాక్టరీలో ఇంకా పూర్తికాని సరుకు మీద అయిన ఖర్చును పోగుచేసే కాస్ట్ అకౌంటింగ్ ఖాతా. ఇనుప బీరువాలు చేసే కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక నెలలో స్టోరు నుంచి రూ.5,00,000 విలువైన రేకు పనికి వెళ్తే ఈ ఖాతా డెబిట్, స్టోర్స్ ఖాతా క్రెడిట్ అవుతాయి. బీరువాల మీద నేరుగా పనిచేసినవారి కూలి రూ.2,00,000 కూడా డెబిట్టే. అక్కడ వేతనాల ఖాతా క్రెడిట్ అవుతుంది. సూపర్‌వైజరు జీతం ఇందులో కలవదు, అది ఓవర్‌హెడ్ ఖాతాకు పోతుంది.

అసలు చిక్కంతా ఓవర్‌హెడ్ దగ్గరే. కరెంటు బిల్లు, షెడ్డు అద్దె తేలేదాకా ఆగలేరు కాబట్టి ముందే నిర్ణయించిన రేటు వాడతారు. కూలిలో 60 శాతం అనుకుంటే రూ.1,20,000 తయారీలో ఉన్న సరుకు ఖాతాకు డెబిట్, ఓవర్‌హెడ్ ఖాతాకు క్రెడిట్. మొత్తం రూ.8,20,000. పూర్తయిన బీరువాల ఖర్చు రూ.7,00,000 తయారైన సరుకు ఖాతాకు మారితే, మిగిలిన రూ.1,20,000 షెడ్డులో సగంలో ఉన్న బీరువాల జాబ్ కార్డుల మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే ముందుగా మెటీరియల్ స్లిప్పులు వెతకాలి.

నిజమైన ఓవర్‌హెడ్ రూ.1,35,000 అని తేలితే రూ.15,000 ఓవర్‌హెడ్ ఖాతాలో డెబిట్ నిల్వగా మిగులుతుంది. యంత్రాలు ఖాళీగా ఉన్నందువల్ల మిగిలిన మొత్తాన్ని సరుకు విలువకు ఎక్కించకూడదు. లాభనష్టాల ఖాతాకే రాయాలి.